పేరాలో పట్టిక, పట్టికపై ప్రశ్న: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పోటీ పరీక్షలకు తయారయ్యేవారికి రీడింగ్ కాంప్రహెన్షన్, డేటా ఇంటర్‌ప్రెటేషన్ చెబుతాను. శ్రీకాళహస్తి, పుత్తూరు, చంద్రగిరి నుంచి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో వెళ్లిపోయేవాళ్లే మా తరగతిలో ఎక్కువ. పేరాతో పాటు పట్టికో, గ్రాఫో ఇచ్చి అడిగే ప్రశ్నల్లో వాళ్లు పోగొట్టుకునే మార్కులను ఏళ్ల తరబడి చూస్తున్నాను. కూడిక, భాగహారం తప్పడం వల్ల పోయేవి తక్కువ. ఏ లెక్క చేయాలో పేరా చెబుతున్నా వినకపోవడం వల్ల పోయేవే ఎక్కువ.

మొదటి వారం నేను ఇచ్చే అభ్యాసం ఇది. అంకెలు జనగణనవి, పేరా నేను రాసుకున్నది.

"స్వాతంత్ర్యం తర్వాత జరిగిన ప్రతి జనగణనలోనూ దేశంలో అక్షరాస్యత పెరిగింది. 1951 నుంచి 1971 వరకు ఐదేళ్లు, ఆపైన వయసున్నవారిని, 1981 నుంచి ఏడేళ్లు, ఆపైన వయసున్నవారిని లెక్కలోకి తీసుకున్నారు. 2011 అంకెలు తాత్కాలిక లెక్కలు. ఒక దశాబ్దపు వృద్ధి రేటు అంటే ఆ దశాబ్దం మొదట్లో ఉన్న శాతంతో పోలిస్తే వచ్చిన పెరుగుదల."

| సంవత్సరం | మొత్తం (%) | పురుషులు (%) | మహిళలు (%) |
|---|---|---|---|
| 1951 | 18.33 | 27.16 | 8.86 |
| 1961 | 28.30 | 40.40 | 15.35 |
| 1971 | 34.45 | 45.96 | 21.97 |
| 1981 | 43.57 | 56.38 | 29.76 |
| 1991 | 52.21 | 64.13 | 39.29 |
| 2001 | 64.83 | 75.26 | 53.67 |
| 2011 | 74.04 | 82.14 | 65.46 |

అపోహ: పేరా చదవనక్కరలేదు. నేరుగా పట్టికకు వెళితే సమయం కలిసివస్తుంది.

వాస్తవం: ఈ సలహా చాలామంది నోట విన్నాను. సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపరులో రెండు గంటల్లో 80 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు ఒకటిన్నర నిమిషం. ఆ ఒత్తిడిలో పేరా దాటేయాలనిపించడం సహజమే. కానీ పై పేరాలో రెండో వాక్యాన్ని చూడండి. 1971కీ 1981కీ మధ్య కొలిచే పద్ధతే మారింది. ఐదారేళ్ల పిల్లల్లో చాలామందికి ఇంకా చదవడం, రాయడం రాదు. వాళ్లను లెక్క నుంచి తీసేస్తే, కొత్తగా ఒక్కరూ చదువు నేర్చుకోకపోయినా శాతం కొంత పెరుగుతుంది. కాబట్టి 34.45 నుంచి 43.57కు వచ్చిన పెరుగుదలలో కొంత భాగం వయసు హద్దు మారినందువల్ల వచ్చి ఉండవచ్చు. ఎంత భాగమో ఈ పట్టిక చెప్పలేదు. "1971-81 పెరుగుదల మొత్తం చదువు వ్యాప్తి వల్లే వచ్చిందని చెప్పవచ్చా?" అని అడిగితే పట్టికను గంటసేపు చూసినా జవాబు దొరకదు. అది పేరాలో ఉంది.

నేను చెప్పే వరుస ఇది: మొదట పట్టిక శీర్షిక, కొలమానం, కింద గమనిక ఉంటే ఆ గమనిక. తర్వాత పేరా ఒకసారి. అందులో నిర్వచనం, మినహాయింపు, "తాత్కాలిక" వంటి మాట కనిపిస్తే పెన్సిల్‌తో గీత. ఆ తర్వాతే ప్రశ్న. లోపలి అంకెలను ముందుగా చదవడం వృథా. ఏ రెండు అంకెలు కావాలో ప్రశ్నే చూపిస్తుంది.

అపోహ: ఎక్కువ పెరిగింది అన్నా, వేగంగా పెరిగింది అన్నా ఒకటే. తీసివేత చేస్తే తేలిపోతుంది.

వాస్తవం: తరగతిలో అన్నిటికంటే ఎక్కువ మందిని పడగొట్టేది ఇదే, అందుకే దీని దగ్గర రెండు పూటలు ఆగుతాను. ప్రశ్న: "మహిళల అక్షరాస్యత వృద్ధి రేటు ఏ దశాబ్దంలో అత్యధికం?"

పుత్తూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి మహిళల వరుసలో పక్కపక్క అంకెల తేడాలన్నీ మార్జిన్‌లో పొందికగా రాసింది: 6.49, 6.62, 7.79, 9.53, 14.38, 11.79. వాటిలో పెద్దదైన 14.38 చుట్టూ సున్నా చుట్టి, 1991-2001 అని గుర్తు పెట్టింది. ఒక్క తీసివేతలోనూ తప్పు లేదు. జవాబు మాత్రం తప్పు.

"మేడమ్, 14 కంటే 6 ఎలా ఎక్కువ అవుతుంది?" అని అడిగింది.

"దేనిమీద 6, దేనిమీద 14 అమ్మా?" అన్నాను.

పేరా చివరి వాక్యం మళ్లీ చదివింది. పెరుగుదలను దశాబ్దం మొదటి అంకెతో పోల్చాలి. 1951లో ఉన్నది 8.86. దానిమీద 6.49 పెరిగిందంటే ఉన్నదానికి దాదాపు ముప్పావు వంతు వచ్చి చేరింది, అంటే 73 శాతం. 1991లో ఉన్నది 39.29. దానిమీద 14.38 అంటే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, దాదాపు 37 శాతం. వృద్ధి రేటు అడిగితే జవాబు 1951-61. ఎన్ని శాతం పాయింట్లు పెరిగింది అని అడిగితే 1991-2001. అంకెలు అవే, ప్రశ్నలో రెండు మాటలు మారితే జవాబు నలభై ఏళ్లు జరిగింది.

ఇక్కడ పొడవైన భాగహారాలు అక్కరలేదని గమనించండి. 6.49, 8.86లో ముప్పావు వంతుకు దగ్గర. మిగతా దశాబ్దాల్లో ఒక్కటి కూడా సగం దాటదు. 1961-71లో 15.35 మీద 6.62, అంటే 43 శాతం. పోటీలో ఉన్నది అదొక్కటే. ఆప్షన్లు దూరదూరంగా ఉన్నప్పుడు సగం, ముప్పావు, మూడో వంతు అన్న అంచనాలు చాలు. దశాంశాల దాకా వెళ్లేది ఆప్షన్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడే.

తెలుగులో చదివి, తెలుగులో ఆలోచించే పిల్లలకు నేను విభక్తిని పట్టుకోమని చెబుతాను. 2001 నుంచి 2011 వరకు మహిళల అక్షరాస్యత "65.46 శాతానికి పెరిగింది". "11.79 శాతం పాయింట్లు పెరిగింది". "దాదాపు 22 శాతం పెరిగింది". మూడూ నిజమే. మొదటిది చేరిన చోటు చెబుతుంది, రెండోది నడిచిన దూరం, మూడోది బయలుదేరిన చోటుతో పోల్చిన దూరం. రోజూ చదివే వార్తల్లో రెండో దానికి కూడా "11.79 శాతం పెరిగింది" అని రాయడం మామూలైపోయింది. అందుకే చెవికి తేడా తెలియదు. ప్రశ్న ఇంగ్లిష్‌లో ఉన్నా ముందు దాన్ని ఈ మూడు తెలుగు వాక్యాల్లో ఏదో ఒకదానిలోకి మార్చుకుని, తర్వాత లెక్క మొదలుపెట్టమంటాను.

అపోహ: బార్ గ్రాఫ్‌లో ఎత్తు చూస్తే చాలు, అంకెలు అక్కరలేదు.

వాస్తవం: 2011 వరుసనే బార్ గ్రాఫ్‌గా గీసి చూపిస్తాను, కానీ నిలువు అక్షాన్ని సున్నా నుంచి కాకుండా 60 నుంచి మొదలుపెడతాను. పురుషుల బార్ 60 పైన 22.14 ఎత్తు లేస్తుంది, మహిళల బార్ 5.46. కంటికి ఒకటి రెండోదానికి నాలుగు రెట్లు. స్కేలు పెట్టి కొలిచినా నాలుగు రెట్లే వస్తుంది. 82.14ను 65.46తో భాగిస్తే వచ్చేది ఒకటింపావు రెట్లు మాత్రమే. అందుకని గ్రాఫ్ కనిపించగానే ముందు చూడాల్సింది అక్షం అడుగున ఉన్న అంకె. ఆ తర్వాత ఒక్కో గడి ఎంతకు సమానమో చూడాలి.

లైన్ గ్రాఫ్‌లో మరో చిక్కు ఉంది. 2001, 2011 చుక్కలను కలిపే గీత మీద 2006 దగ్గర ఒక విలువ కనిపిస్తుంది. ఆ సంవత్సరం జనగణన జరగలేదు. "గ్రాఫ్ ప్రకారం సుమారుగా" అని అడిగితే చదివి చెప్పవచ్చు. "2006లో నమోదైన" అని అడిగితే సమాచారం లేదన్నదే సరైన జవాబు.

అపోహ: మొత్తం అంటే పురుషులు, మహిళల సగటు.

వాస్తవం: 82.14, 65.46ల సగటు 73.80. పట్టికలో ఉన్నది 74.04. అచ్చుతప్పేమో అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. దేశంలో పురుషుల సంఖ్య మహిళల కంటే ఎక్కువ కాబట్టి మొత్తం వారివైపు కొంచెం మొగ్గింది. రెండు వర్గాల సంఖ్య సమానమైతే తప్ప శాతాలను కూడి రెండుతో భాగించకూడదు.

అపోహ: శాతం పెరిగిందంటే చదువు రానివాళ్ల సంఖ్య తగ్గినట్టే కదా.

వాస్తవం: పట్టికలో ప్రతి దశాబ్దంలోనూ అక్షరాస్యత పెరిగింది. నిరక్షరాస్యుల సంఖ్య మాత్రం స్వాతంత్ర్యం తర్వాత మొదటిసారి తగ్గింది 1991-2001 దశాబ్దంలోనే. అంతకుముందు దశాబ్దాల్లో అక్షరాస్యత శాతం పెరుగుతూనే ఉన్నా, చదువు రానివారి శాతం తగ్గిన వేగం కంటే జనాభా పెరిగిన వేగం ఎక్కువ కావడంతో వారి సంఖ్య కూడా పెరిగింది. ఈ పట్టికలో జనాభా వరుసే లేదు. కాబట్టి సంఖ్య గురించి ఏ వాక్యం ఇచ్చినా, అది నిజమో అబద్ధమో ఈ పట్టికతో తేలదు. "ఇచ్చిన సమాచారంతో చెప్పలేం" అన్న ఆప్షన్‌ను మా పిల్లలు ఓటమిలా చూస్తారు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసే పరీక్షలో ఊహించి వేరే ఆప్షన్ పెట్టడం కంటే, ఏ వరుస లేదో వేలుపెట్టి చూపించి ఆ ఆప్షన్ ఎంచుకోవడమే చదవడం.

అపోహ: బయట నాకు తెలిసింది ఇంకా సరైనదైతే అదే వాడాలి.

వాస్తవం: 2011 తుది లెక్కలో మొత్తం అక్షరాస్యత దాదాపు 73 శాతానికి వచ్చింది. దాన్ని కంఠస్థం చేసినవాళ్లు పట్టికలోని 74.04ను పక్కనపెట్టి 73తో లెక్క కడతారు, ఆప్షన్లలో లేని జవాబు తెచ్చుకుంటారు. పేరా "తాత్కాలిక లెక్కలు" అని ముందే చెప్పింది. ప్రశ్న ఆ అంకె మీదే ఉంటుంది.

మన జిల్లా దగ్గరకు వస్తే ఇది ఇంకా సూటిగా తగులుతుంది. 2011 జనగణన పట్టికలో చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు. గూడూరు నుంచి వచ్చే ఒక అబ్బాయి తిరుపతి జిల్లా వరుస కనబడలేదని పట్టికంతా వెతికాడు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. ఆ పట్టిక నాటికి తిరుపతి, మదనపల్లె రెండూ చిత్తూరు వరుసలోనే ఉన్నాయి, అతని గూడూరు నెల్లూరు వరుసలో ఉంది. పేరాలో ఇప్పటి జిల్లా పేరు, పట్టికలో అప్పటి జిల్లా అంకె ఉంటే రెంటినీ ఒకటిగా తీసుకుని జనసాంద్రత కట్టకూడదు. పట్టిక శీర్షికలోని సంవత్సరం చూసి, ఆ ఏటి హద్దులతోనే ఆ వరుసను చదవాలి. ఆ అబ్బాయి ఇప్పుడు ఏ పట్టిక ఇచ్చినా ముందు శీర్షికలోని సంవత్సరం చుట్టూ గీత గీస్తాడు.