జుట్టుకు సెంటు కొట్టుకుంటున్నారా? అపోహలు – వాస్తవాలు

నల్గొండలో నేను నడిపే పార్లర్‌కు వేసవి మొదలవగానే "జుట్టు గడ్డిలా అయిపోయింది" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువవుతారు. షాంపూ మార్చారా, నూనె మానేశారా అని అడుగుతాను. ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా అడుగుతాను: జుట్టు మీద ఏదైనా స్ప్రే కొడుతున్నారా?

అపోహ: బట్టలకు కొట్టుకునే సెంటే కదా, జుట్టుకు కొడితే ఏమవుతుంది?

డిగ్రీ చదివే ఒక అమ్మాయి వచ్చింది. నడుము దాకా ఒత్తైన జుట్టు. "అక్కా, షాంపూ మారిస్తే సరిపోతదా?" అని అడిగింది. రెండు వైపుల నుంచి ఒక్కో పాయ తీసుకుని, వేళ్ల మధ్య పట్టి కుదుళ్ల నుంచి చివరి దాకా జార్చి చూశాను. ఎడమవైపు పాయ సాఫీగా జారింది. కుడివైపు మాత్రం చెవి కిందికి రాగానే వేళ్లకు గరుగ్గా తగిలింది, చివర్లు చిట్లి ఉన్నాయి. షాంపూ వల్లయితే రెండు వైపులా ఒకేలా ఉండాలి. అడిగితే తెలిసింది, రోజూ కాలేజీకి బయల్దేరేటప్పుడు కుడిచేత్తో సెంటు సీసా పట్టుకుని, జుట్టు ఆ భుజం మీదికి వేసుకుని కొడుతోంది.

మామూలు సెంటు స్ప్రేలో నూటికి 70 నుంచి 90 పాళ్లు ఇథైల్ ఆల్కహాలే ఉంటుంది. నెత్తి మీద ఊరే సహజమైన నూనె వెంట్రుక మీద పల్చటి పొరలా ఉంటుంది. ఆల్కహాల్ ఆ పొరను కరిగించి, తాను వెంటనే ఆవిరైపోతుంది. పొర పోయిన చోట వెంట్రుక పైపొలుసులు ఒకదానికొకటి రాసుకుంటాయి, చిక్కులు పడతాయి, దువ్వెన ఆగిన చోట తెగిపోతాయి. కుదుళ్ల దగ్గర మళ్లీ నూనె ఊరుతుంది కానీ అది నడుము దాకా దిగదు. జుట్టు నెలకు దాదాపు ఒకటింపావు సెంటీమీటరు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల జుట్టుంటే దాని చివర్ల వయసు నాలుగేళ్లన్నమాట. మన దగ్గర మే నెల వడగాలి, బోరునీళ్లలోని ఉప్పు కూడా ఆ చివర్లనే దెబ్బతీస్తాయి. ఎప్పుడో పెళ్లికి ఒకసారి కొట్టుకుంటే ఏమీ కాదు. రోజూ అదే చోట కొట్టడమే అసలు సమస్య.

చిట్లిన కొసలను ఏ సీరమూ అతికించలేదు. అందుకే ఆ అమ్మాయికి చివర్లు రెండు అంగుళాలు కత్తిరించి, స్ప్రే మాన్పించాను. తలస్నానం చేసి తువ్వాలుతో ఒత్తాక, తడి చివర్లకు రెండు మూడు చుక్కల కొబ్బరినూనె రాయమన్నాను. మిగిలింది కొత్త జుట్టు పెరిగే కొద్దీ సర్దుకోవాల్సిందే.

అపోహ: సీసా మీద 'హెయిర్ మిస్ట్' అని ఉంటే ఆల్కహాల్ ఉండదు

చాలా మిస్టుల్లో ఉంటుంది. వెనక ఉన్న పదార్థాల పట్టీ చదవండి. ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. 'ఆల్కహాల్ డినాట్' మొదటి రెండు మూడు పేర్లలో ఉంటే అది కూడా సెంటులాంటిదే. సిటైల్, సిటియరైల్ ఆల్కహాల్ అని ఉంటే మాత్రం భయపడకండి. అవి మైనం లాంటి పదార్థాలు, కండీషనర్లో జుట్టును మెత్తబరిచేవి అవే.

అపోహ: మల్లెపూలు కొబ్బరినూనెలో వేసి ఎండలో పెడితే మల్లెనూనె తయారవుతుంది

పచ్చి పూలలో నీళ్లుంటాయి. ఆ తేమతో నూనె మసకబారి, పుల్లటి వాసన వస్తుంది, బూజు కూడా పట్టొచ్చు. అలాంటిది తలకు రాయొద్దు. ఉత్తరప్రదేశ్‌లో పాతకాలం నుంచి వేరే పద్ధతి ఉంది. నువ్వులు, మల్లెపూలు పొరలు పొరలుగా పరిచి, పూలు వాడగానే తీసేసి కొత్తవి వేస్తూ, వాసన పట్టిన నువ్వులను గానుగ ఆడిస్తారు. ఇంట్లో చేసుకోవాలంటే వట్టివేళ్లు సులువు. వేళ్లను కడిగి బాగా ఎండబెట్టి, ముక్కలు చేసి, 100 మి.లీ. కొబ్బరినూనెకు ఒక గుప్పెడు వేయండి. ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి సన్నటి సెగ మీద గంటసేపు ఉంచండి. రెండు రోజులాగి వడకట్టండి. వాసన లేతగానే ఉంటుంది, జుట్టుకు అంత చాలు.

షాపులో దొరికే సువాసన నూనెల్లో చాలావాటికి లిక్విడ్ పారఫిన్ ఆధారం. అది హాని చేయదు, జుట్టు పైన నిగారింపు ఇస్తుంది. కొబ్బరినూనెలా లోపలికి మాత్రం ఇంకదు. ఘుమఘుమలాడినంత మాత్రాన పోషణ ఎక్కువని అనుకోకండి.

అపోహ: వాసన రావాలంటే జుట్టు మీదే కొట్టాలి

అక్కర్లేదు. చెక్క దువ్వెన మీద ఒకసారి స్ప్రే చేసి, ఒక నిమిషం ఆగండి. ఆల్కహాల్ ఎగిరిపోయి సువాసన మిగులుతుంది. అప్పుడు మధ్య నుంచి చివర్ల దాకా దువ్వండి. అత్తరైతే ఒక చుక్కను రెండు చుక్కల కొబ్బరినూనెతో అరచేతుల్లో కలిపి, జడ కొసలకే తాకించండి, నెత్తికి వద్దు. ముందురోజు మోచేతి లోపలివైపు కొంచెం రాసి, దురద వస్తుందేమో చూసుకోండి. స్ప్రే తడి ఆరకముందే స్ట్రెయిటనర్ పెట్టొద్దు, సాంబ్రాణి నిప్పుల దగ్గరికి పోవద్దు. ఆల్కహాల్ ఆవిరికి ఇట్టే మంట అంటుకుంటుంది.