షాపులో తిరిగిన మోటారు బోరులో ఎందుకు తిరగదు?

ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. ఆయన బోరులో 7.5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది. పొద్దున కరెంటు రాగానే స్విచ్ వేస్తే గుయ్‌మని శబ్దం చేసి ఆగిపోతోంది. రాత్రిపూట మాత్రం ఎలాగో అందుకుంటోంది. పైకి తీసి రిపేరు షాపుకి పట్టుకెళ్తే అక్కడ బ్రహ్మాండంగా తిరిగింది. మెకానిక్ "మోటారులో ఏ లోపమూ లేదు" అన్నాడట. దాంతో ఊళ్లో వాళ్లు బోరు వేసిన మూల మంచిది కాదన్నారు, స్టార్టర్ డబ్బాకి నిమ్మకాయలు కట్టించారు. మెకానిక్ చెప్పింది నిజమే. మోటారుకి ఏమీ కాలేదు. షాపులో లేనిది, చేనులో ఉన్నది ముఖ్యంగా ఒకటి: స్తంభం దగ్గరి స్టార్టర్ నుంచి బోరు దాకా 200 మీటర్లు, బోరులోకి మరో 100 మీటర్లు, మొత్తం 300 మీటర్ల 4 ఎంఎం రాగి కేబుల్.

ఆ కేబుల్ ఏం చేస్తుందో లెక్క కట్టి చూద్దాం. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి కిలోమీటరుకి సుమారు 5 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. 300 మీటర్లకి ఒక్కో తీగలో 1.5 ఓమ్‌లు. చూడ్డానికి చిన్న అంకె. తిరుగుతున్న మోటారు 14 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, అప్పుడు ఈ కేబుల్‌లో పోయేది 30 వోల్టుల లోపే. స్టార్టర్ దగ్గర 415 ఉంటే మోటారుకి 385 అందుతుంది. దానికి ఇబ్బందేమీ లేదు.

కష్టమంతా కదలక ముందే. ఆగి ఉన్న మోటారు స్విచ్ వేసిన క్షణంలో పూర్తి వోల్టేజీ దొరికితే 75 ఆంపియర్ల దాకా లాగుతుంది. లైన్ మీద 415 అంటే ఒక్కో ఫేజ్‌కి 240 వోల్టులు, ఆ లెక్కన దాని అడ్డు 3.2 ఓమ్‌లే. దాని ముందు 1.5 ఓమ్‌ల కేబుల్ నిలబడి ఉంది. మోటారు అడ్డులో ఎక్కువ భాగం అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చేది, కేబుల్‌ది మామూలు నిరోధం. అందుకే రెండూ నేరుగా కూడవు. మొత్తం 4.7 కాకుండా 4.15 దగ్గర ఆగుతుంది. కరెంటు 75 నుంచి 58 ఆంపియర్లకి పడిపోతుంది. మోటారు దగ్గర మిగిలేది 58 × 3.2, అంటే ఫేజ్‌కి 185 వోల్టులు, లైన్ మీద చూస్తే 320. పంపిన దాంట్లో 77 శాతం.

నాలుగో వంతు కూడా తగ్గలేదు కదా, తిప్పే బలం కూడా ఆ మేరకే తగ్గుతుందిలే అనుకుంటాం. కాదు. స్టార్టింగ్ టార్క్ వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. ఈ సూత్రాన్ని క్లాసుల్లో బోర్డు మీద రాసి, పరీక్షకి రాయించి వదిలేస్తారు. వర్గం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాళ్లు తక్కువ. నాకు మొత్తం విషయంలో అందమైన భాగం అదే.

ఇండక్షన్ మోటారులో తిరిగే భాగానికి, అంటే రోటర్‌కి, బయటి నుంచి ఏ తీగా వెళ్లదు. చుట్టూ ఉన్న వైండింగ్‌కి కరెంటు ఇస్తే ఒక అయస్కాంత క్షేత్రం గిరగిరా తిరుగుతుంది. ఆ క్షేత్రం రోటర్ కడ్డీలను కోసుకుంటూ పోతుంది కాబట్టి వాటిలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటుని అదే క్షేత్రం నెడుతుంది. ఆ నెట్టుడే టార్క్. దానికి రెండు కావాలి: క్షేత్రం, రోటర్ కరెంటు. వోల్టేజీ తగ్గితే క్షేత్రం తగ్గుతుంది. క్షేత్రం తగ్గినందుకు రోటర్‌లో పుట్టే కరెంటు కూడా తగ్గుతుంది. ఒకే దెబ్బ రెండు చోట్ల తగులుతుంది.

దీన్ని చేను కొలతలా చూడండి. క్షేత్రం పొడవు, రోటర్ కరెంటు వెడల్పు, టార్క్ విస్తీర్ణం. 100 గజాల పొడవు, 100 గజాల వెడల్పు ఉన్న చేను 10,000 చదరపు గజాలు. ఇప్పుడు పొడవూ వెడల్పూ రెండూ 77 గజాలకి కుదించండి. మిగిలేది 5,929. ఒక్కో గట్టు జరిగింది 23 గజాలే, పోయింది మాత్రం చేనులో నలభై శాతం పైన. మన మోటారుకి అందుతున్న టార్క్ కూడా అంతే, 59 శాతం.

పొద్దున సంగతి ఇంకా దారుణం. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లు ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే 415 కాస్తా 370కి దిగిందనుకుందాం. కేబుల్ తన వాటా తీసుకున్నాక మోటారుకి మిగిలేది 285 వోల్టులు, అంటే 69 శాతం. గట్లు 69 గజాలకి వచ్చాయి. విస్తీర్ణం 4,761. సగం కూడా లేదు. రాత్రి చుట్టుపక్కల మోటార్లు ఆగి ఉంటాయి కాబట్టి మళ్లీ 59 శాతానికి వస్తుంది. షాపులో రెండు గజాల తీగతో పరీక్షిస్తారు, అక్కడ నూటికి నూరు.

అయినా ఒక సందేహం మిగులుతుంది. ఇలాంటి పంపు మొదట్లో పెద్దగా బరువు పెట్టదు. నీటిని నెట్టే బరువు వేగంతో పాటు పెరుగుతుంది, ఆగి ఉన్నప్పుడు బేరింగుల రాపిడి తప్ప ఏముంటుంది? నిజమే, శుభ్రమైన పంపు సగం టార్క్‌తో కూడా కదులుతుంది. అందుకే ఇన్నాళ్లూ నడిచింది. ఆయన బోరులో ఇసుక వస్తోంది. మోటారు ఆపగానే పైపులోని నీళ్లతో పాటు ఇసుక కిందికి దిగి ఇంపెల్లర్ల మధ్య కూరుకుంటుంది. దాన్ని విడిపించుకుని కదలడానికి గట్టి బలం కావాలి. ఇసుక ఒక్కటే ఉన్నా, తక్కువ వోల్టేజీ ఒక్కటే ఉన్నా బండి నడిచేది. రెండూ కలిశాయి. పిండిమరకి ఇసుక కూడా అక్కర్లేదు. గింజలతో నిండి ఆగిన మర మొదటి చుట్టులోనే పూర్తి బరువు పెడుతుంది.

కదలకుండా గుయ్‌మంటున్న మోటారుని అలాగే ఉంచితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 14 ఆంపియర్ల వైండింగ్‌లో 58 పారుతుంటే వేడి దాదాపు 17 రెట్లు పుడుతుంది. పైగా కరెంటు 75కి బదులు 58 కావడంతో ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. రిలేని తప్పించి నేరుగా కలిపిన చోట మోటారు కాలిపోవడానికి ఎంతో సేపు పట్టదు.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు, కానీ స్టార్టర్ డబ్బా మీద మీటరు చూసి మోసపోవద్దు. అది కేబుల్ మొదలు దగ్గర ఉంది, పోయేది దాని తర్వాత. మోటారు ఆగి ఉన్నప్పుడు చివర కొలిచినా ప్రయోజనం లేదు, కరెంటు పారకపోతే డ్రాపే ఉండదు. బోరు మూతి దగ్గరి జాయింట్‌లో, స్విచ్ వేసే ఆ రెండు మూడు సెకన్లలో కొలవాలి. ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. అదే సమయంలో స్టార్టర్ దగ్గర ఇంకొకరు కొలిస్తే తేడా ఎక్కడ పోతోందో తేలిపోతుంది. స్టార్టర్ దగ్గరే బాగా పడిపోతుంటే లోపం లైన్‌ది, ట్రాన్స్‌ఫార్మర్‌ది. మీ కేబుల్ మార్చినా అది పోదు.

కేబుల్‌దే అయితే 300 మీటర్లూ 6 ఎంఎం వేస్తే, లైన్‌లో 415 ఉన్నప్పుడు, టార్క్ 59 నుంచి 71 శాతానికి వస్తుంది. 10 ఎంఎం వేస్తే 83కి. బోరులోని 100 మీటర్లు అలాగే ఉంచి, నేల మీది 200 మీటర్లు ఒక్కటే 10 ఎంఎంకి మార్చినా 74 దగ్గరికి వస్తుంది, బోరులోంచి మోటారు తీయక్కర్లేదు. ఆ రైతుకి నేను చెప్పింది ఇదే, ఇసుకకి మాత్రం బోరు ఫ్లషింగ్ చేయించుకోమన్నాను.