పీజీ డిపాజిట్: ఖాళీ చేసే వారంలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పీజీ ఒప్పందాలు రాయడం, అవి బెడిసికొట్టాక ఒకసారి యజమాని తరఫున, మరోసారి ఉండేవారి తరఫున నోటీసులు పంపడం నా వృత్తిలో భాగం. చేరేటప్పుడు ఎవరూ చదవని రెండు పేజీల కాగితాన్ని వెళ్లేటప్పుడు ఇరుపక్షాలూ అక్షరం అక్షరం చదువుతాయి. గొడవ ఎక్కువగా డిపాజిట్ దగ్గరే మొదలవుతుంది కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: నోటీసు గడువు పూర్తికాకుండా ఖాళీ చేస్తే డిపాజిట్ మొత్తం యజమానిదే.

ఒప్పందంలో అలాగే రాసి ఉన్నా అది తుదిమాట కాదు. 1872 నాటి భారతీయ కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం ఉల్లంఘించినందుకు ముందే ఒక మొత్తం రాసుకున్నప్పుడు అది గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నష్టాన్ని లెక్కకట్టి చూపించగలిగిన చోట చూపించి తీరాలని, నష్టమే లేని చోట డిపాజిట్ జప్తు చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో స్పష్టం చేసింది. అది స్థలాల వేలానికి సంబంధించిన వివాదం, కానీ సూత్రం పీజీ మంచానికీ వర్తిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెలకు 9,000 రూపాయలు. అందులో 6,000 గదికి, 3,000 భోజనానికి అని ఒప్పందంలో విడగొట్టి రాశారు. డిపాజిట్ 9,000. ముప్పై రోజుల నోటీసు. ఖాళీ చేసేటప్పుడు శుభ్రతకు, చిన్న మరమ్మతులకు 1,000 తగ్గిస్తామని కూడా ముందే రాశారు. రోజు లెక్క కట్టాల్సి వస్తే నెలను ముప్పై రోజులుగా తీసుకోవాలి. ఆ ఇంట్లో ఉంటున్న ఉద్యోగిని జూన్ 10న వాట్సాప్‌లో నోటీసు ఇచ్చి 25న వెళ్లిపోయింది. జూన్ నెల డబ్బు మొత్తం కట్టేసింది.

నోటీసు గడువు జూలై 10తో ముగుస్తుంది. అంటే లోటు జూలై మొదటి పది రోజులు. గది రోజుకు 200 చొప్పున యజమాని గట్టిగా వాదించగలిగేది 2,000 రూపాయలు. ఆ పది రోజులు ఆమెకు వండలేదు కాబట్టి భోజనం డబ్బు నష్టంలోకి రాదు. ఇక అసలు ప్రశ్న, ఆ మంచం ఎన్నాళ్లు ఖాళీగా ఉంది? జూలై 4న మరొకరు చేరారు. కాబట్టి నిజమైన నష్టం మూడు రోజులు, 600 రూపాయలు. ఒప్పుకున్న 1,000 కూడా తీసేస్తే తిరిగి ఇవ్వాల్సింది 7,400. మొత్తం పది రోజులకూ పట్టుబట్టే యజమానితో రాజీపడినా 6,000 చేతికి రావాలి. మొత్తం 9,000 ఉంచుకోవడానికి మాత్రం ఏ లెక్కా సరిపోదు.

మంచం ఎప్పుడు నిండిందన్నది యజమాని రిజిస్టరులోనే ఉంటుంది. అడిగితే చూపించేవారు తక్కువ. అందుకే వెళ్లేటప్పుడు పాత రూమ్మేట్లతో స్నేహం చెడగొట్టుకోవద్దని నా దగ్గరికి వచ్చేవారికి చెబుతుంటాను.

అపోహ: తినని పూటల డబ్బు తిరిగి అడిగే హక్కు ఉంటుంది.

పై లెక్కలో భోజనం తీసేశాం కదా, అదే తర్కంతో సంక్రాంతికి ఊరెళ్లిన వారం డబ్బు కూడా తగ్గించమంటారు. ఇది వేరే విషయం. ఒప్పందం నడుస్తుండగా మీరు వస్తారని బియ్యం పొయ్యి మీద పెట్టారు. తినకపోవడం మీ ఇష్టం. ముందుగా చెబితే ఇంత తగ్గిస్తామన్న షరతు ఉంటేనే తగ్గుతుంది. నేను రాసే ఒప్పందాల్లో వరుసగా ఐదు రోజులకు మించి ఊళ్లో లేకపోతే, రెండు రోజుల ముందు రాతపూర్వకంగా చెబితే భోజనం భాగం తగ్గించేలా రాస్తాను. ఈ అంకెలు చట్టంలో లేవు, వంటింటి నిర్వహణకు వీలుగా పెట్టుకున్నవే. ఒకే మొత్తంగా ‘భోజనం సహా 9,000’ అని రాసిన కాగితంతో ఈ లెక్కలేవీ చేయలేం. సంతకానికి ముందు ఆ ఒక్క వాక్యాన్ని విడగొట్టమనండి.

అపోహ: పీజీలో ఉండేవారిని ఏ క్షణమైనా బయటికి పంపవచ్చు.

దీనికి తోడుగా మరో అపోహ ఉంది: పదకొండు నెలలు దాటితే అద్దెదారు హక్కులు వచ్చేస్తాయని. రెండూ తప్పే. గది మీద పూర్తి అధీనం ఎవరిదన్నదే ఇక్కడ కీలకమని, కాగితానికి ఏ పేరు పెట్టినా అసలు ఏర్పాటు ఏమిటో చూడాలని సుప్రీంకోర్టు 1959లోనే అసోసియేటెడ్ హోటల్స్ కేసులో చెప్పింది. యజమాని దగ్గర మరో తాళంచెవి ఉండి, గది ఊడ్పించి, భోజనం పెట్టి, అవసరమైతే మంచం మార్చే హక్కు ఉంచుకుంటే మీది కేవలం ఉండటానికి అనుమతి. అద్దె చట్టాల రక్షణ దానికి సాధారణంగా దొరకదు. విడి వంటగది ఉన్న భాగాన్ని మీ తాళానికే వదిలేసి ‘పీజీ ఒప్పందం’ అని రాసుకుంటే మాత్రం యజమాని చిక్కుల్లో పడవచ్చు.

అనుమతి రద్దు చేయడం వేరు, రాత్రికి రాత్రి సామాను వీధిలో పెట్టడం వేరు. అనుమతి రద్దయ్యాక వెళ్లడానికి, సామాను తీసుకోవడానికి తగిన వ్యవధి ఇవ్వాలని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 63వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందంలో గడువు రాసి ఉంటే ఆ గడువు పాటించాలి. మత్తుపదార్థాలు, కొట్లాట వంటి వాటికి వెంటనే పంపే షరతు పెట్టుకోవచ్చు, కానీ ఆ కారణాలను పేరుపేరునా రాయాలి. ‘యజమానికి నచ్చని ప్రవర్తన’ అన్న మాటను నేనైతే కొట్టేయిస్తాను.

అపోహ: బాకీ తీరేదాకా ల్యాప్‌టాప్, సర్టిఫికెట్లు ఉంచుకోవచ్చు.

కుదరదు. ఖాతా బాకీ కింద వస్తువులు అట్టిపెట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ బ్యాంకర్లు, హైకోర్టు అటార్నీల వంటి కొద్దిమందికే ఇచ్చింది. ఆ జాబితాలో పీజీ యజమాని లేరు. తన దగ్గర డిపాజిట్ ఉంది, అది చాలకపోతే దావా ఉంది.

అపోహ: గోడ మీద అంటించిన నియమాలన్నీ ఒప్పందంలో భాగమే.

చేరే రోజున చూపించి, కాగితానికి జతచేసి సంతకం తీసుకున్నవి అవుతాయి. ఆ తర్వాత అంటించిన ‘రాత్రి పది దాటితే 500 జరిమానా’ కాదు. సంతకం చేసిన జరిమానాకు కూడా పైన చెప్పిన 74వ సెక్షన్ పరిమితి ఉంటుంది.

అపోహ: ఇంత చిన్న మొత్తానికి కోర్టుకు వెళితే ఖర్చే ఎక్కువ.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ‘సేవ’ నిర్వచనంలో వసతి, భోజనం రెండూ ఉన్నాయి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందు లెక్క వివరంగా రాసి పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపండి. ఫిర్యాదుకు ఒప్పందం నకలు, డిపాజిట్ చెల్లింపు రుజువు, ఖాళీ చేస్తామని చెప్పిన సందేశం తేదీతో సహా జతచేయండి. గది అప్పగించిన రోజు గోడలు, పరుపు, అల్మరా ఫొటోలు తీసి ఉంటే ‘గది పాడుచేశారు’ అన్న వాదనకు అక్కడే జవాబు దొరుకుతుంది.