పోస్టు ఖర్చుతో పుట్టిన లెక్క, శనక్కాయల సీజన్‌లో షాపు

అనంతపురంలో ఏ పెద్ద బట్టల షాపులోనైనా బిల్లు కొట్టే ముందు ఫోన్ నంబర్ అడుగుతారు. పండగ దగ్గరపడగానే ఆ నంబర్లన్నిటికీ ఒకే మెసేజ్ పోతుంది: 20 శాతం తగ్గింపు. ఎవరికి పంపాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చే లెక్క మాత్రం సెల్‌ఫోన్ల కంటే చాలా ముందే పుట్టింది.

అమెరికాలో ఒకప్పుడు కంపెనీలు పోస్టులో కేటలాగులు పంపి సరుకు అమ్మేవి. ఒక్కో కేటలాగుకూ అచ్చు ఖర్చు, పోస్టు ఖర్చు ఉండేవి కాబట్టి, కొనని ఇంటికి పంపితే ఆ డబ్బు పోయినట్టే. అందుకే పాత ఆర్డర్లు తిరగేసి మూడు సంగతులు చూసేవారు: చివరిసారి ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు కొన్నారు, మొత్తం ఎంత ఖర్చు పెట్టారు. మొదటిదానికే ఎక్కువ బలం ఉందని అనుభవంలో తేలింది. ఈమధ్య కొన్నవాళ్లే మళ్లీ త్వరగా కొనేవారు. 1990లలో అమెరికా మార్కెటింగ్ నిపుణుడు ఆర్థర్ హ్యూస్ ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చారు. ఒక్కో కొలతలో ఖాతాదారులను ఐదు సమాన భాగాలు చేసి 5 నుంచి 1 వరకు మార్కులు వేస్తే 125 గుంపులు వస్తాయి.

ఇప్పుడు మెసేజ్ ఖర్చు పైసల్లోనే. అసలు ఖర్చు తగ్గింపుదే. ఎలాగూ వచ్చి కొనేవాళ్లకు తగ్గింపు ఇస్తే అది నేరుగా లాభంలోంచి పోతుంది. ఈ తేడా పట్టించుకోకుండా పాత లెక్కనే వాడితే మన దగ్గర పెద్ద పొరపాటు జరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కళ్యాణదుర్గం వైపు రైతు కుటుంబం ఏటా శనక్కాయలు అమ్మాక డిసెంబరులో 12,000 రూపాయల బట్టలు కొంటుంది. చివరి బిల్లు డిసెంబర్ 14న. టౌన్‌లో ఉండే టీచరమ్మ నెలనెలా కొనేవారు, మే 31 తర్వాత రాలేదు. ఆగస్టు 31న లెక్క తీస్తే రైతు వచ్చి 260 రోజులు, టీచరమ్మ వచ్చి 92 రోజులు. పాత పద్ధతిలో రైతుకే తక్కువ మార్కు పడుతుంది, 'చేజారిపోయినవాళ్ల' గుంపులో చేరి పెద్ద ఆఫర్ ఆయనకే వెళ్తుంది. డిసెంబరులో మామూలుగా కొనే బట్టలకే దాన్ని వాడుకుంటే షాపుకు 2,400 పోయినట్టు.

నా మటుకు, రోజులను అందరికీ ఒకే గీటుతో కొలవకూడదు. ఎవరి అలవాటు విరామంతో వారి రోజులను భాగించాలి. రైతుకు 260ని 365తో భాగిస్తే 0.7. ఆయన రావాల్సిన సమయం ఇంకా దాటలేదు. టీచరమ్మకు 92ని 30తో భాగిస్తే 3 దాటింది. కదిలించాల్సింది ఆమెనే.

ఒక్క బిల్లే ఉన్నవాళ్లకు ఈ లెక్క కుదరదు, ఎందుకంటే విరామమే తెలియదు. ముఖ్యంగా పెళ్లి బట్టలకు ఒకేసారి 90,000 ఖర్చు పెట్టిన ఇల్లు డబ్బు కొలతలో 5 మార్కులు తెచ్చుకుంటుంది గానీ మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. పెళ్లి బిల్లులను వేరే పెట్టాలి.

ఆఫర్ పనిచేసిందో లేదో తేల్చాలంటే ప్రతి గుంపులో పదిమందికి ఒకరి చొప్పున, ఏరకుండా చీటీ తీసినట్టు తీసి, వాళ్లకు మెసేజ్ ఆపాలి. పండగయ్యాక చూస్తే, మెసేజ్ అందినవాళ్లు ఎంత శాతం మంది కొన్నారో వీళ్లూ అంతే శాతం మంది కొని ఉంటే, ఆ గుంపుకు ఇచ్చిన తగ్గింపు వృథా అయినట్టే.