సిరీస్‌లో 40 వాట్ల బల్బుదే పైచేయి, అదీ లెక్కలో వచ్చిన దానికన్నా ఎక్కువగా

పదో తరగతి విద్యుత్తు పాఠం అయ్యాక పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. 100 వాట్ల బల్బును, 40 వాట్ల బల్బును సిరీస్‌లో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? 40 వాట్లది అన్నది సరైన జవాబే. కానీ పుస్తకంలో చేసే లెక్క, నిజంగా బల్బులు పెట్టి మీటరుతో కొలిచిన అంకె ఒకదానికొకటి సరిపోవు. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో చూస్తేనే ఈ విషయంలోని అసలు రుచి తెలుస్తుంది. ఇక్కడ మాట్లాడుతున్నది ఫిలమెంటు ఉండే పాత బల్బుల గురించి. ఎల్‌ఈడీ బల్బు లోపల డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది కాబట్టి ఈ లెక్కలేవీ దానికి వర్తించవు. వాటిని సిరీస్‌లో పెడితే మిణుకుమిణుకుమంటాయి, లేదా అసలు వెలగవు.

పారలల్ సంగతి చిన్నది. మన ఇళ్లలో వైరింగ్ అంతా పారలలే. ప్రతి బల్బుకూ 230 వోల్టులు పూర్తిగా అందుతాయి, బల్బు మీద రాసిన వాట్లే ఖర్చవుతాయి. కాబట్టి 100 వాట్లది ఎక్కువ వెలుగుతుంది, రెండూ కలిపి 140 వాట్లు. ఒకటి మాడిపోయినా రెండోదానికి ఏమీ కాదు.

సిరీస్‌లోకి వచ్చేసరికి బల్బు మీద రాసిన అంకెకు అర్థం మారిపోతుంది. "100 వాట్లు" అంటే బల్బు ఎక్కడ పెట్టినా 100 వాట్లు తీసుకుంటుందని కాదు, 230 వోల్టులు ఇస్తే 100 వాట్లు తీసుకుంటుందని. అంటే ఆ అంకె నిజానికి ఫిలమెంటు నిరోధం గురించి చెబుతోంది. R = V²/P ప్రకారం 100 వాట్ల బల్బు నిరోధం 529 ఓములు, 40 వాట్లది 1322 ఓములు. వాట్లు తక్కువైన కొద్దీ తీగ సన్నం, నిరోధం ఎక్కువ. సిరీస్‌లో రెండింటి గుండా ఒకే కరెంటు పోతుంది. ఒకే కరెంటు ఉన్నప్పుడు నిరోధం ఎక్కువున్న చోటే ఎక్కువ వేడి పుడుతుంది. అందుకే 40 వాట్లది గెలుస్తుంది.

ఈ సందర్భంలో చాలామందిలో పాతుకుపోయిన ఒక నమ్మకం గురించి చెప్పాలి. ఫేజ్ వైపు ముందున్న బల్బు కరెంటును "తినేస్తుంది", వెనకున్నదానికి మిగిలిందే దక్కుతుంది అనుకుంటారు. రెండు బల్బుల చోట్లు మార్చి పెట్టి చూడండి, ఏమీ మారదు. 40 వాట్లది ఎటువైపు ఉన్నా అదే వెలుగుతుంది. బల్బు కరెంటును తినదు. పంచుకునేది వోల్టేజీని మాత్రమే. టీచర్లు సూత్రం రాయించేముందు ఈ ఒక్క పని చేసి చూపిస్తే సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు పుస్తకం లెక్క పూర్తి చేద్దాం. మొత్తం నిరోధం 1851 ఓములు, కరెంటు 0.124 ఆంపియర్లు. 40 వాట్ల బల్బుకు 164 వోల్టులు, 100 వాట్లదానికి 66 వోల్టులు. మొదటిది 20.4 వాట్లు, రెండోది 8.2 వాట్లు, మొత్తం 28.6 వాట్లు. దీనికి దగ్గరిదారి కూడా ఉంది: రెండు వాట్లనూ గుణించి, వాటి మొత్తంతో భాగించాలి. 4000ని 140తో భాగిస్తే అదే 28.6 వస్తుంది. పరీక్షలో రాయాల్సింది ఇదే.

కానీ ఒక చెక్క బోర్డు మీద రెండు హోల్డర్లు బిగించి చూడండి. ప్లగ్గు నుంచి వచ్చే ఫేజ్ తీగ స్విచ్చి మీదుగా మొదటి హోల్డరుకు వెళ్లాలి, దాని రెండో కొన నుంచి రెండో హోల్డరుకు, అక్కడినుంచి న్యూట్రల్‌కు. ఎక్కడా తీగ బయటికి కనిపించకుండా టేపు చుట్టాలి. స్విచ్చి వేసి మల్టీమీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక్కో బల్బు మీదా కొలిస్తే 164, 66 రావు. 40 వాట్లదాని మీద 190 దాటుతుంది, 100 వాట్లదాని మీద 40కి లోపే ఉంటుంది. 40 వాట్ల బల్బు కాస్త పసుపెక్కినా బాగానే వెలుగుతుంది. 100 వాట్లదానిలో మాత్రం ఆరిపోబోయే నిప్పుకణికలా తీగ ఒక్కటే ఎర్రగా కనిపిస్తుంది.

తప్పు ఓం నియమానిది కాదు. 529 ఓములన్నది తీగ దాదాపు 2500 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెల్లగా కాగినప్పటి నిరోధం. టంగ్‌స్టన్ చల్లగా ఉంటే దాని నిరోధం అందులో పన్నెండో వంతో, పదమూడో వంతో ఉంటుంది. హోల్డరు నుంచి తీసిన 100 వాట్ల బల్బును మల్టీమీటరుతో కొలిస్తే దాదాపు 40 ఓములు చూపిస్తుంది, 40 వాట్లది దాదాపు 100 ఓములు. ఇది చూసి మీటరు పాడైందనుకునేవాళ్లున్నారు. మీటరు బాగానే ఉంది, తీగే చల్లగా ఉంది.

స్విచ్చి వేసిన క్షణంలో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. రెండు తీగలూ చల్లగా ఉన్నాయి, మొత్తం 140 ఓములే. కాబట్టి 1.6 ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా దూసుకొస్తుంది. వోల్టేజీ ఇప్పటికి పుస్తకంలో చెప్పినట్టే 164, 66గా పంచుకున్నాయి. కానీ అప్పుడు 40 వాట్ల బల్బులో పుడుతున్న వేడి 270 వాట్ల దాకా ఉంది, 100 వాట్లదానిలో 108 వాట్లే. పైగా 40 వాట్లదాని తీగ సన్నం, కాగాల్సిన లోహం తక్కువ. అది ముందు కాగుతుంది. కాగితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వోల్టేజీలో దాని వాటా పెరుగుతుంది, వాటా పెరిగితే ఇంకా కాగుతుంది. మరోవైపు కరెంటు పడిపోతూ ఉంటుంది కాబట్టి 100 వాట్లదానికి కాగే అవకాశమే రాదు. దాని నిరోధం తక్కువలోనే ఉండిపోతుంది, వాటా ఇంకా తగ్గుతుంది. ఇదంతా కంటికి అందనంత వేగంగా జరిగిపోయి ఒకచోట నిలకడకు వస్తుంది. అప్పటికి 40 వాట్లదాని నిరోధం 1220 ఓముల దగ్గర, 100 వాట్లదాని నిరోధం 230 ఓముల దగ్గర ఉంటాయి. పుస్తకంలో రెండున్నర రెట్లున్న తేడా ఇక్కడ ఐదు రెట్లు దాటింది.

లెక్క వేయాలంటే ఒక చిట్కా ఉంది. ఫిలమెంటు బల్బులో కరెంటు వోల్టేజీతో సమానంగా పెరగదు, సుమారుగా వోల్టేజీ 0.55 ఘాతంతో పెరుగుతుంది. దాన్నిబట్టి చూస్తే కరెంటు 0.158 ఆంపియర్లు, 40 వాట్ల బల్బుకు 193 వోల్టులు, 31 వాట్లు. 100 వాట్లదానికి 37 వోల్టులు, 6 వాట్లు. మొత్తం 28.6 కాదు, దాదాపు 36 వాట్లు. బల్బు తయారీని బట్టి ఒకటి రెండు వాట్లు అటూ ఇటూ కావచ్చు.

40 బదులు 15 వాట్ల జీరో బల్బు పెడితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అది 220 వోల్టులకు పైగా తనే తీసుకుని మామూలుగా వెలుగుతుంది. 100 వాట్లదానికి మిగిలేది 7 వోల్టులు, అర వాటు కూడా కాదు. తీగ ఎర్రబడను కూడా ఎర్రబడదు. అది మాడిపోయిందని తీసి పారేసేవాళ్లుంటారు. నిజంగా మాడిపోతే జీరో బల్బు కూడా ఆరిపోవాలి కదా! పక్కది వెలుగుతోందంటే ఈ తీగ తెగలేదన్నమాటే.

మరి సిరీస్‌లో పెట్టి కరెంటు ఆదా చేయవచ్చా? రోజుకు 5 గంటలు వెలిగిస్తే పారలల్‌లో 0.7 యూనిట్, సిరీస్‌లో 0.18 యూనిట్. ఖర్చు నాలుగో వంతుకు తగ్గింది. వెలుగు మాత్రం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోయింది. ఫిలమెంటు కాంతి వోల్టేజీ 3.4 ఘాతంతో మారుతుంది కాబట్టి తీగ కాస్త చల్లబడినా ఖర్చయ్యేదంతా కంటికి కనపడని వేడిగానే పోతుంది. రెండు 100 వాట్ల బల్బుల్ని సిరీస్‌లో పెడితే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. పుస్తకం 50 వాట్లు అంటుంది, నిజానికి 68 దాకా ఖర్చవుతుంది. రెండూ కలిపి ఇచ్చే వెలుగు ఒక్క 100 వాట్ల బల్బు ఇచ్చేదాంట్లో ఐదో వంతు కూడా ఉండదు. ఒక లాభం ఉంది, ఆ బల్బులు ఏళ్ల తరబడి మాడవు.

ఈ లెక్క తెలియక నష్టపోయే చోటు ఒకటుంది. అమెరికా నుంచి తెచ్చుకున్న బల్బులు 120 వోల్టులవి. రెండు కలిపి సిరీస్‌లో పెడితే 240 అవుతుంది, మన 230కి సరిపోతుంది అన్న ఆలోచన వస్తుంది. రెండూ ఒకే వాట్లవైతే ఇది పనిచేస్తుంది, చెరి 115 వోల్టులు వస్తాయి. కానీ ఒకటి 100, ఒకటి 40 అయితే పైన చెప్పిన పంపకమే జరుగుతుంది. 120 వోల్టుల కోసం చేసిన 40 వాట్ల బల్బు మీద 190 వోల్టులకు పైగా పడుతుంది. కళ్లు చెదిరేంత తెల్లగా వెలిగి కొద్దిసేపటికే తీగ తెగిపోతుంది. దాంతో రెండూ ఆరిపోతాయి. అప్పుడే అసలు జాగ్రత్త కావాలి. తీగ తెగిన బల్బు హోల్డరులో రెండు పిన్నుల మధ్య ఇప్పుడు పూర్తి 230 వోల్టులుంటుంది. దీపాలు ఆరిపోయాయి కదా అని వేలు పెట్టకూడదు, ముందు ప్లగ్గు తీయాలి.

ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే సిరీస్ బోర్డు పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. 100 వాట్ల బల్బుకు సిరీస్‌లో ఒక సాకెట్ ఉంటుంది, అనుమానమున్న వస్తువును అందులో గుచ్చుతారు. వస్తువు లోపల షార్ట్ అయి ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, ఫ్యూజు పోదు. తీగ తెగి ఉంటే బల్బు వెలగదు. వస్తువు బాగుంటే బల్బు ఎంత వెలగాలన్నది ఆ వస్తువు వాట్లను బట్టి ఉంటుంది, పొరపాటు జరిగేది ఇక్కడే. 750 వాట్ల ఇస్త్రీపెట్టె నిరోధం 70 ఓములే. అది ఏ లోపమూ లేకుండా ఉన్నా బల్బుకు 200 వోల్టులు అందుతాయి, మామూలు వెలుగులో మూడింట రెండొంతులకు కొంచెం తక్కువగా వెలుగుతుంది. పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేకపోతే దాన్నే షార్ట్ అనుకుని మంచి ఇస్త్రీపెట్టెను విప్పేస్తారు. అందుకని ముందు సాకెట్ రెండు రంధ్రాలనూ తీగముక్కతో కలిపి, ఆ తర్వాతే స్విచ్చి వేసి బల్బు పూర్తి వెలుగు ఎంతో చూసుకోవాలి. స్విచ్చి ఆపి తీగముక్క తీసేశాక వస్తువును గుచ్చాలి. అప్పుడు వెలుగు కాస్తయినా తగ్గిందంటే షార్ట్ లేదు. బల్బు 200 వాట్లదైతే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే దాని నిరోధం 265 ఓములే, ఇస్త్రీపెట్టె వోల్టేజీలో మరికొంత వాటా తీసుకుంటుంది.