స్కిప్ బటన్ రాకముందే వేసే గాలం: "30 రోజుల్లో స్పానిష్" వెనకున్న లెక్క

భాషా కోర్సుల వీడియో ప్రకటనల మీద మళ్లీ గొడవ మొదలైంది. "30 రోజుల్లో స్పానిష్ గడగడా మాట్లాడేస్తారు" అన్న మాట మొదటి ఐదు సెకన్లలోనే వినిపిస్తుంది. "రోజూ సాధన చేసేవారికి, ప్రాథమిక స్థాయి సంభాషణ వరకే" అన్న షరతు మాత్రం ఇరవయ్యో సెకను దాటాక చిన్న అక్షరాల్లో వచ్చి పోతుంది. స్కిప్ నొక్కిన మనిషికి హామీ చేరింది, షరతు చేరలేదు. ఇదీ చూసేవాళ్ల ఫిర్యాదు. ప్రకటన మొత్తం చూస్తే అన్నీ అందులోనే ఉన్నాయన్నది కంపెనీల జవాబు.

యూట్యూబ్ ఎలా పుట్టింది, గూగుల్ ఎంతకు కొన్నది అన్న కథ అందరూ చదివిందే కాబట్టి వదిలేద్దాం. మనకు కావలసింది 2010 డిసెంబర్. దాటేయగలిగే ప్రకటనను యూట్యూబ్ 'ట్రూవ్యూ' పేరుతో తెచ్చింది అప్పుడే. ఐదు సెకన్లయ్యాక స్కిప్ బటన్ వస్తుంది. చూసేవారు 30 సెకన్లు చూస్తేనో, ప్రకటన అంతకన్నా చిన్నదైతే చివరిదాకా చూస్తేనో, లేదా దాని మీద క్లిక్ చేస్తేనో ప్రకటనదారు డబ్బు కట్టాలి. ఐదో సెకనులోనో, పదిహేనో సెకనులోనో వెళ్లిపోయినవాళ్ల కోసం పైసా ఇవ్వక్కర్లేదు.

ఈ ఏర్పాటు అప్పట్లో భాషా కోర్సులకు బాగా అచ్చొచ్చింది. స్పానిష్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. మిగతావాళ్లు ఎంత తొందరగా తప్పుకుంటే డబ్బు అంత మిగులుతుంది. అందుకని తెలివైన ప్రకటన మొదటి ఐదు సెకన్లలోనే "ఇది స్పానిష్ కోర్సు, ఫలానావాళ్ల కోసం" అని సూటిగా చెప్పేసేది. అవసరం లేనివాళ్లు ఊరికే వెళ్లిపోయేవారు, పైగా కోర్సు పేరు ఒకసారి ఉచితంగా చెవిన వేసుకుని మరీ వెళ్లేవారు.

పేరు ముందే చెప్పడంలో నష్టం కూడా ఉందని 2015లో గూగుల్ తన ప్రకటనల మీద చేసిన పెద్ద పరిశీలనలో తేలింది. మొదటి ఐదు సెకన్లలో బ్రాండ్ కనిపిస్తే జనానికి ప్రకటన ఎక్కువ గుర్తుంటుంది, కానీ చూసే సమయం తగ్గుతుంది. అదే ఏడాది ఒక అమెరికన్ బీమా సంస్థ ప్రకటన ప్రకటనలకు పెట్టింది పేరైన కాన్ లయన్స్ ఉత్సవంలో ఫిల్మ్ విభాగపు గ్రాండ్ ప్రి గెలుచుకుంది. "ఈ ప్రకటనను మీరు దాటేయలేరు, ఎందుకంటే ఇది ఇప్పటికే అయిపోయింది" అన్నది దాని చమత్కారం. దాంతో ఐదు సెకన్లు ఒక కళ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. నిజానికి ఇప్పటి గొడవకు ఆ కళతో పెద్ద సంబంధం లేదు. దారి మళ్లింది 2018లో, అదీ బిల్లు దగ్గర.

ఆ ఏడాది గూగుల్ 'ట్రూవ్యూ ఫర్ యాక్షన్' అనే పద్ధతిని ముందుకు తెచ్చింది. వ్యూలు ఎన్ని కావాలో కాకుండా ఒక్కో సైన్అప్‌కు ఎంత పెట్టగలరో ప్రకటనదారు చెబితే, ఎవరికి చూపాలో యంత్రం నిర్ణయిస్తుంది. ఇలా సైన్అప్ లక్ష్యంగా వేలం పాడే పద్ధతిలో బిల్లు పడేది ప్రకటన తెరమీదికి వచ్చినందుకే. మూడో సెకను నుంచి స్కిప్ బటన్ కోసం కాచుకుని కూర్చున్నవాడికీ బిల్లు పడుతుంది. అంటే సంబంధం లేనివాళ్లను మర్యాదగా పంపేయడం వల్ల ఇక మిగిలేదేమీ లేదు.

అదే ఏడాది సెప్టెంబరులో మరో మార్పు వచ్చింది. ఈ తరహా ప్రకటనలను ఎవరైనా పది సెకన్లు చూసి, క్లిక్ చేయకపోయినా, మూడు రోజుల్లోగా వేరే దారిన వెళ్లి కోర్సులో చేరితే ఆ చేరిక ప్రకటన ఖాతాలోకి వెళ్తుంది. ముందు దీనికి 30 సెకన్లు చూడాల్సి ఉండేది. పదికి దిగాక మొదటి ఐదు సెకన్ల పనే మారిపోయింది. ఇప్పుడు వాటి పని చూసేవాణ్ని వడపోయడం కాదు, ఎలాగోలా పదో సెకను దాకా కూర్చోబెట్టడం.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఊహా లెక్కలో చూద్దాం. అంకెలు కేవలం పోలిక కోసం. ఒకే స్పానిష్ కోర్సు, ఒకే అరనిమిషం ప్రకటన, మొదలు మాత్రం రెండు రకాలు.

మొదటి రకంలో ఒక మనిషి కెమెరాకు దగ్గరగా వచ్చి గుసగుసగా, "వ్యాకరణం పుస్తకాలు పారేయండి. 30 రోజుల్లో నేనేం చేశానో చూస్తే నమ్మరు" అంటాడు. కోర్సు పేరు ఉండదు, ఏ భాషో కూడా చెప్పడు. పన్నెండో సెకనులో గానీ స్పానిష్ అన్న మాట రాదు. రెండో రకంలో ఫోన్ మోగుతుంది. అవతలి గొంతు వేగంగా "దె పార్తె దె క్యేన్?" అంటుంది, ఎవరు మాట్లాడుతున్నారని. ఫోన్ పట్టుకున్న అమ్మాయి నోరు తెరిచి ఆగిపోతుంది. నాలుగో సెకనులో కోర్సు పేరు, కింద "స్పానిష్ చదివారు కానీ ఫోన్‌లో తడబడుతున్నారా?" అన్న ప్రశ్న. ఐదు సెకన్లలో తొందరపడకుండా పలకగలిగేది పది మాటలు, మహా అయితే పన్నెండు. రెండో ప్రకటన వాటితోనే ఎవరి కోసమో, ఏ ఇబ్బంది కోసమో చెప్పేసింది.

వెయ్యి మందికి చొప్పున చూపించారనుకుందాం. మొదటిదాన్ని 250 మంది చివరిదాకా చూశారు, నలుగురు ఉచిత ట్రయల్‌లో చేరారు. రెండోదాన్ని చివరిదాకా చూసింది 120 మంది, చేరింది ముగ్గురు. 2010 నాటి పద్ధతిలో మొదటిదానికి 250 వ్యూల బిల్లు, అంటే ఒక్కో చేరికకు అరవై పైచిలుకు. రెండోదానికి 120 వ్యూలు, చేరికకు 40. రెండోదే చవక. తెరమీదికి వచ్చినందుకే కట్టే పద్ధతిలో రెండింటికీ అదే వెయ్యి, నలుగురిని తెచ్చింది మొదటిది. యంత్రం డబ్బును దానివైపు తిప్పుతుంది. ఎవరూ కుట్ర చేయలేదు, మోసం చేయమని ఎవరూ చెప్పలేదు. కానీ వడపోసే ప్రకటన ఓడిపోయి గాలం వేసే ప్రకటన గెలిచింది.

ఆ నలుగురిలో ట్రయల్ అయ్యాక డబ్బు కట్టింది ఎందరు? యంత్రానికి తెలియదు, ఎందుకంటే దానికి చెప్పలేదు. చాలా ఖాతాల్లో లక్ష్యంగా పెట్టేది ట్రయల్ సైన్అప్‌నే. ట్రయల్ తర్వాతి చెల్లింపును లక్ష్యంగా పెట్టొచ్చు. కానీ అవి తక్కువ, పైగా ఆలస్యంగా వస్తాయి. ఆ కాస్త సమాచారంతో యంత్రం కుదురుకోవడానికి వారాలు పడుతుంది. నెలాఖరుకు అంకెలు చూపాల్సిన యాడ్ మేనేజర్‌కు అంత ఓపిక ఉండదు. కంపెనీలను తప్పుపట్టాలంటే పట్టాల్సింది ఇక్కడే.

గాలాన్ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. వీడియోను ఎంతమంది ఏ సెకను దాకా చూశారో చూపే గ్రాఫ్ యూట్యూబ్ అనలిటిక్స్‌లో ఉంటుంది. ఐదో సెకను దగ్గర గీత నిట్టనిలువునా పడిపోవడం ఏ ప్రకటనకైనా మామూలే. సూటిగా మొదలైన ప్రకటనలో ఆ తర్వాత గీత నిదానంగా దిగుతుంది, ఎందుకంటే మిగిలినవాళ్లు తెలిసే మిగిలారు. గాలం వేసినదానిలో కోర్సు పేరు బయటపడ్డ క్షణాన రెండోసారి పడుతుంది. పన్నెండో సెకను దగ్గర అలాంటి పాతం కనిపిస్తే, అంతదాకా కూర్చున్నవాళ్లలో చాలామంది వేరే ఏదో అనుకుని కూర్చున్నారన్నమాట.

ఇక 30 రోజుల మాట. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఉద్యోగానికి సరిపడా స్పానిష్ నేర్చుకోవడానికి 600 నుంచి 750 తరగతి గంటలు పడుతుందని అంచనా వేస్తుంది. జపనీస్‌కు 2,200 గంటలు. ఆ సంస్థ లక్ష్యం మామూలు సంభాషణ కన్నా చాలా పైన ఉంటుంది కాబట్టి అంత కఠినంగా కొలవొద్దని కోర్సులవాళ్లు అంటారు, అది న్యాయమే. అయినా రోజుకు పావుగంట చొప్పున 30 రోజులు చేస్తే వచ్చేది ఏడున్నర గంటలు. అంతసేపట్లో పలకరింపులు, అంకెలు, దారి అడగడం వస్తాయి. గడగడా మాట్లాడటం రాదు.

షరతు తర్వాత చెబితే సరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబు యూట్యూబ్ కన్నా చాలా పాతది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1983లో మోసపూరిత ప్రకటనలపై విడుదల చేసిన విధాన ప్రకటనలో ఈ సంగతి ఉంది: అమ్మేవాడికీ కొనేవాడికీ మొదటి పరిచయమే మోసంతో జరిగితే, తర్వాత నిజం తెలిసినా చట్ట ఉల్లంఘన కావచ్చు. అప్పుడు వాళ్ల మనసులో ఉన్నది అబద్ధం చెప్పి తలుపు తీయించుకునే ఇంటింటి అమ్మకందారు. 2013లో ఆన్‌లైన్ ప్రకటనలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో అదే కమిషన్, షరతును హామీకి వీలైనంత దగ్గరగా పెట్టాలని చెప్పింది. ఐదో సెకనులో వదిలేసే వీలున్న వీడియోలో, రెండో సెకను హామీకి ఇరవయ్యో సెకను షరతు దగ్గరగా ఉన్నట్టా?

వేదికల వైపు వాదన ఎప్పుడూ సమయం చుట్టూనే తిరుగుతుంది. 2024 అక్టోబరులో స్కిప్ బటన్ పక్కన అంకెల లెక్కింపు కనిపించడం లేదని గోల రేగినప్పుడు, బటన్‌ను దాచలేదనీ అది ఎప్పటిలాగే ఐదు సెకన్లకు వస్తుందనీ యూట్యూబ్ చెప్పింది. వియత్నాం కొత్త నిబంధన కూడా సమయం మీదే. 2026 ఫిబ్రవరి 15 నుంచి అక్కడ వీడియో ప్రకటనను మూసే వీలు ఐదు సెకన్లలోపే ఇవ్వాలి. ఆ ఐదు సెకన్లలో ఏం చెప్పొచ్చన్నది ఆ పరిమితి తేల్చదు. అది తేలాల్సిన చోటు వేరే ఉంది: ప్రకటన ఖాతాలో ట్రయల్‌ను లక్ష్యంగా పెట్టారా, చెల్లింపునా అన్న ఒక్క సెట్టింగ్‌లో. ఇప్పటి గొడవలో కంపెనీలను ఆ ప్రశ్న అడిగినవాళ్లు పెద్దగా కనిపించడం లేదు.