బార్‌కోడ్‌లో 890 ఎక్కడి నుంచి వచ్చింది?

2020 జూన్‌లో గల్వాన్ లోయలో ఘర్షణ జరిగాక వాట్సాప్‌లో ఒక సందేశం చేతులు మారింది. బార్‌కోడ్ కింద అంకెలు 690 నుంచి 699 వరకు ఏదో ఒకదానితో మొదలైతే అది చైనా సరుకు, 890తో మొదలైతే మనది, చూసి కొనండి అని దాని సారాంశం. అది కొత్తదేమీ కాదు. 2008లో చైనా పాలపొడిలో మెలమైన్ కలిపారని తేలినప్పుడు కూడా ఇలాంటిదే ఈమెయిళ్లలో తిరిగింది. ఇన్నేళ్లయినా ఇది చావకపోవడానికి కారణం ఇందులో సగం నిజం ఉండడమే. 690–699 చైనాకు, 890 భారత్‌కు కేటాయించిన అంకెలే. అయితే ఏ పని కోసం కేటాయించారన్నదే అసలు సంగతి.

దుకాణంలో మొదటిసారి బార్‌కోడ్‌ను స్కాన్ చేసింది 1974 జూన్ 26న, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో. సరుకు రిగ్లీస్ చూయింగ్ గమ్ ప్యాకెట్. ఆ కోడ్‌లో 12 అంకెలుండేవి. కిరాణా బిల్లు త్వరగా తేలడం కోసం అమెరికా, కెనడా వ్యాపారులు పెట్టుకున్న ఏర్పాటది. దేశం పేరు చెప్పాల్సిన అవసరమే లేదు కనక దానికి చోటూ పెట్టలేదు.

1977లో 12 యూరప్ దేశాల వాళ్లు కలిసి ఈఏఎన్ అనే సంఘం పెట్టుకుని ముందు మరో అంకె చేర్చారు. ఆ పదమూడో అంకెకు విడిగా గీతలు లేవు. ఎడమవైపు ఆరు అంకెల్లో ఒక్కోదాన్నీ రెండు రకాల గీతల్లో ఏదో ఒకదానితో గీస్తారు. ఏది ఏ రకంగా ఉందో చూసి మొదటి అంకెను యంత్రం పసిగడుతుంది. అందుకే ముద్రణలో అది గీతల కింద కాకుండా ఎడమవైపు బయట ఒంటరిగా కనిపిస్తుంది. పాత అమెరికా కోడ్‌లు ముందు సున్నా తగిలించుకుని కొత్త పద్ధతిలో ఇమిడిపోయాయి.

రెండు కంపెనీలకు ఒకే నంబరు పడకూడదు కదా. అందుకని ఒక్కో దేశపు సంఘానికి కొన్ని అంకెల వరుస అప్పగించారు. ఆ సంఘం తనలో చేరిన కంపెనీలకు అందులోంచి నంబర్లు ఇస్తుంది. 1996లో మన దగ్గర ఈఏఎన్ ఇండియా ఏర్పడింది. 2005లో అంతర్జాతీయ సంఘం పేరు జీఎస్1గా మారడంతో ఇదీ జీఎస్1 ఇండియా అయింది. 890 దాని వరుస. వాహనాల నంబర్ ప్లేట్లతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ప్లేటు మీద ఏపీ అని ఉన్నంత మాత్రాన కారు ఆంధ్రలో తయారైందని ఎవరూ అనుకోరు, అక్కడ రిజిస్టరైందని అనుకుంటారు. ఇదీ అంతే. తూర్పు జర్మనీ వాడుకున్న 440 ఇప్పుడు జర్మనీ వరుసలో ఉంది. దేశమే లేకుండా పోయినా అంకెలు మిగిలాయి.

ఇక ఎవరైనా ఒక బార్‌కోడ్ ఫొటో పంపి ఇది ఎక్కడిదని అడిగారనుకుందాం. ముందు అంకెలు లెక్కపెట్టాలి. 13 ఉంటే మొదటి మూడూ చూడాలి. 12 మాత్రమే ఉంటే అది అమెరికా తరహా కోడ్, ముందు సున్నా పెట్టుకుని చదవాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 12 అంకెల కోడ్ 690తో మొదలైతే దానికి చైనా వరుసతో సంబంధం లేదు. సున్నా చేరిస్తే అది 069 అవుతుంది, అది అమెరికా, కెనడాల వరుస. అయితే అసలు 12 అంకెలే ఉన్నాయా, ఒకటి ఫొటోలో పడలేదా అన్నది ముందు తేల్చుకోవాలి. బయట ఒంటరిగా ఉండే మొదటి అంకె బొటనవేలు కిందికో ఫ్రేము అంచు బయటికో పోవడం మామూలే.

దానికి చివరి అంకె పనికొస్తుంది. మిగతా పన్నెండూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసేందుకే అది ఉంది. మొదటి అంకె కనపడక, మిగిలినవి 901234 567890 అని ఉన్నాయనుకుందాం (లెక్క కోసం తీసుకున్న నంబరు ఇది). పోయింది 6 అయితే 690, చైనా. 8 అయితే 890, భారత్. 4 అయితే 490, జపాన్. ఊహించక్కర్లేదు, లెక్కకడితే చాలు. ఎడమ నుంచి రెండు, నాలుగు, ఆరు అంటూ సరి స్థానాల్లో ఉన్నవి 9, 1, 3, 5, 7, 9. వాటి మొత్తం 34, మూడుతో హెచ్చవేస్తే 102. మూడో స్థానం నుంచి పదకొండో స్థానం దాకా బేసి స్థానాల్లోవి 0, 2, 4, 6, 8. వాటి మొత్తం 20. చివరి అంకె 0. అన్నీ కలిపితే 122. మొత్తం పదితో నిశ్శేషంగా పోవాలి. 130 కావాలంటే 8 కావాలి. కాబట్టి కోడ్ 8901234567890, వరుస 890.

మసకగా ఉన్న అంకె మధ్యలో ఉన్నా ఇదే లెక్క పనిచేస్తుంది, కానీ ఒక్కటి మాత్రమే పోయి ఉండాలి. రెండు పోతే జవాబులు చాలా వస్తాయి. 3ను 8గా చదివితే మొత్తం పదితో పోదు, తప్పు బయటపడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా సాధారణంగా పట్టుబడతాయి. వాటి మధ్య తేడా సరిగ్గా 5 అయితేనే పట్టుబడవు. 27ను 72గా రాసుకున్నా లెక్క కుదురుతుంది. చేత్తో ఎక్కించుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. గీతలు స్పష్టంగా ఉంటే ఫొటోనే స్కానర్ యాప్‌కు చూపించడం మేలు.

కొన్ని వరుసలకు దేశమే లేదు. సూపర్ మార్కెట్‌లో వంకాయలు తూచి అంటించే స్టిక్కర్ 2తో మొదలవుతుంది. అది ఆ దుకాణం తన వాడకానికి వేసుకున్న నంబరు, బయట దానికి అర్థం లేదు. పుస్తకాలకు 978, 979. తెలుగు పుస్తకం వెనక 978 తర్వాత 81 గానీ 93 గానీ కనిపిస్తే ప్రచురణకర్త భారత్‌లో నంబరు తీసుకున్నారని అర్థం, పుస్తకం ఎక్కడ అచ్చయిందో అది చెప్పదు.

890 అని తేలాక కూడా మనకు తెలిసింది ఒక్కటే: ఈ నంబరు జీఎస్1 ఇండియా ఇచ్చిన వరుసలోది. చైనాలో బొమ్మలు చేయించుకుని తన బ్రాండు పేరుతో అమ్మే ఇక్కడి కంపెనీ తన 890 కోడే వేస్తుంది, అందులో మోసమేమీ లేదు. మన దగ్గర తయారై విదేశీ బ్రాండు పేరుతో వెళ్లే సరుకు మీద ఆ బ్రాండు సొంత దేశపు అంకెలుండొచ్చు. లోపలి ముడిసరుకు సంగతి సరేసరి. నకిలీ చేసేవాడు అసలు డబ్బా మీది బార్‌కోడ్‌నూ కాపీ కొడతాడు కనక లెక్క కుదరడం అసలు సరుకనడానికి ఆధారం కాదు. జీఎస్1 వెబ్‌సైట్లో Verified by GS1 అనే చోట నంబరు కొడితే దాన్ని ఏ కంపెనీ పేరున ఇచ్చారో తెలుస్తుంది. ప్యాకెట్ మీది పేరుతో అది కలవకపోతే అనుమానించాల్సిందే. కలిసినా ఫ్యాక్టరీ ఎక్కడుందో మాత్రం తెలియదు.

అది తెలియాలంటే గీతల పక్కన చిన్న అక్షరాల్లో ఉండేది చదవాలి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం తయారీదారు, ప్యాకర్ లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ప్యాకెట్ మీద ఉండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా రాయాలి. ‘ఇంపోర్టెడ్ బై’, ‘మార్కెటెడ్ బై’ అన్న మాటలు ‘మాన్యుఫ్యాక్చర్డ్ బై’తో సమానం కావు. దిగుమతిదారు అంటించిన స్టిక్కర్ కింద మొదటి బార్‌కోడ్ దాగి ఉండడమూ ఉంటుంది. ఎవరైనా ఒక్క బార్‌కోడ్ ఫొటో పంపి ఇది ఎక్కడిదని అడిగితే, డబ్బా మిగతా మూడు పక్కల ఫొటోలూ పంపమనాలి.